తలనొప్పికి పారాసెటమాలా, ఐబుప్రొఫెనా?

నిద్రలేమి: తలనొప్పికి పారాసెటమాల్ వేసుకుంటున్నాను, ఈమధ్య తగ్గట్లేదు. ఐబుప్రొఫెన్ బాగా పనిచేస్తుందంటున్నారు. ఏది మేలు? రోజుకు ఎన్ని వేసుకోవచ్చు?

చందమామ: పారాసెటమాలే వాడండి. ఐబుప్రొఫెన్ కడుపును, కిడ్నీలను పాడుచేస్తుంది. పారాసెటమాల్‌తో ఏ భయమూ లేదు, పసిపిల్లలకే ఇస్తారు కదా!

ఫార్మసీ కౌంటర్: చందమామ గారూ, భయం లేదనడమే ప్రమాదం. పెద్దవాళ్లు ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, కనీసం 4 గంటల ఎడంతో వేసుకోవచ్చు. 24 గంటల్లో 4000 దాటకూడదు. బరువు 50 కిలోల లోపున్నవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు పరిమితి ఇంకా తక్కువ. వాళ్లు డాక్టర్నడిగే వాడాలి.

జలుబు, తలనొప్పితో ఒకాయన నా దగ్గరికి వచ్చారు. పారాసెటమాల్ 650 రోజుకు నాలుగు, అంటే 2600. జలుబు మాత్రలు కూడా నాలుగు వేసుకుంటున్నారు. ఆ స్ట్రిప్ తిప్పి చూస్తే ఒక్కోదాంట్లో 500 పారాసెటమాల్ ఉంది! అది 2000. మొత్తం 4600. రెండూ వేర్వేరు మందులనుకున్నారాయన. మోతాదు మించినా మొదటిరోజు వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు, లివర్ దెబ్బతిన్న సంగతి తర్వాత బయటపడుతుంది. అందుకే బాగున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. విరుగుడు మందు 8 గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది.

గోదారి గట్టు: మా అమ్మ బీపీకి మాత్రలు, నీరు పోయే మాత్ర వాడుతుంది. తలనొప్పికని వారం రోజులు ఐబుప్రొఫెన్ వేసుకుంటే కాళ్లు వాచాయి.

ఫార్మసీ కౌంటర్: ఆ మూడూ కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుందండీ. డాక్టర్ చెప్పకుండా ఐబుప్రొఫెన్ ఒకసారికి 200 నుంచి 400, రోజుకు 1200 దాకానే. అల్సర్, కిడ్నీ జబ్బు, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోవద్దు.

పాతచెప్పు: నేను గుండెకు రోజూ ఆస్ప్రిన్ 75 వేసుకుంటాను. తలనొప్పికీ అదే చాలు కదా?

ఫార్మసీ కౌంటర్: చాలదు, అది గుండె కోసమిచ్చే చిన్న మోతాదు. పైగా ఐబుప్రొఫెన్ దాని పనికి అడ్డుపడొచ్చు, అడగకుండా కలపకండి. 16 ఏళ్ల లోపు పిల్లలకు మాత్రం ఇంట్లో ఆస్ప్రిన్ ఇవ్వొద్దు. నిద్రలేమి గారూ, నెలకు ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారు?

నిద్రలేమి: ఇరవై దాకా ఉంటాయి. నాలుగు నెలలుగా ఇంతే.

ఫార్మసీ కౌంటర్: మూడు నెలలకు మించి, నెలలో 15 రోజులు, ఆపైన వాడితే మాత్రే తలనొప్పిని తెచ్చిపెట్టొచ్చు. మాత్ర మార్చడం దీనికి మందు కాదు. ఈ వారంలోనే డాక్టర్ని కలవండి. ఎప్పుడైనా నొప్పి ఉన్నట్టుండి భరించలేనంతగా వచ్చినా, మాట తడబడినా, మెడ బిగుసుకున్నా మాత్ర వెతుక్కోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

చందమామ: సరే, పారాసెటమాల్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఐబుప్రొఫెన్ ఖాళీ కడుపున వద్దనే మాట నిజమే కదా?

ఫార్మసీ కౌంటర్: అక్కడ మా వాళ్లలోనే రెండు మాటలున్నాయండీ. తిన్నాక వేసుకుంటే పనిచేయడం ఆలస్యమవుతుంది. నేనైతే కడుపు మంట ఉన్నవాళ్లకు తిన్నాకే అంటాను.