80 నానోమీటర్ల సిలికాన్-జెర్మేనియం పొర "క్రిటికల్ థిక్‌నెస్‌కు లోపలే" ఉందని రాయవచ్చా?

కొత్తపొర
సిలికాన్ (001) వేఫర్ మీద 20 శాతం జెర్మేనియం ఉన్న పొరను ఎంబీఈలో 550 డిగ్రీల సెల్సియస్ వద్ద 80 నానోమీటర్ల మందం వరకు పెంచాను. క్రిటికల్ థిక్‌నెస్ మాథ్యూస్-బ్లేక్స్‌లీ లెక్కలో 12 నానోమీటర్ల దగ్గర వస్తోంది, పీపుల్-బీన్ లెక్కలో 150 దాటుతోంది. ఎక్స్‌రే 224 మ్యాప్‌లో పొర శిఖరం సరిగ్గా సిలికాన్ శిఖరం కిందనే ఉంది. పొర క్రిటికల్ థిక్‌నెస్‌కు లోపలే ఉందని రాస్తే పత్రాన్ని పరిశీలించినవారు ఒప్పుకోలేదు. ఏ అంకెను నమ్మాలి?

శిఖరం_224
నిస్సంకోచంగా రాయండి. రెండు శిఖరాలు ఒకే నిలువు గీత మీద ఉన్నాయంటే పొర తన సొంత కొలతను వదులుకుని సిలికాన్ కొలతకు పూర్తిగా ఒదిగి ఉన్నదని అర్థం. 12 దగ్గర పొర సడలిపోవాలని ఒక సిద్ధాంతం చెబుతోంది, 80 దగ్గర కూడా అది సడలలేదని మీ కొలత చెబుతోంది. కొలత ముందు సిద్ధాంతమే తలవంచాలి. 1985లో పీపుల్, బీన్ ఇచ్చిన లెక్క మీ వేఫర్‌తో సరిపోతోంది కాబట్టి దాన్నే ఉదహరించండి.

ఎపి_ఇరవయ్యేళ్లు
రాయకండి. మాథ్యూస్, బ్లేక్స్‌లీ 1974లో అడిగిన ప్రశ్న వేరు. పొరలో ముందే ఒక డిస్‌లొకేషన్ పైకి పాకి ఉన్నదనుకుందాం. పొరలోని ఒత్తిడి దాన్ని పక్కకు లాగి, ఇంటర్‌ఫేస్ వెంట గీతలా పరచాలని చూస్తుంది. ఆ గీత పొడవు పెరగడానికి శక్తి ఖర్చవుతుంది కాబట్టి గీత తిరిగి వెనక్కి లాగుతుంది. ఈ రెండు బలాలు సమానమయ్యే మందమే వారి క్రిటికల్ థిక్‌నెస్. ఆ మందం దాటిన పొర సడలితే దాని శక్తి తగ్గుతుందని మాత్రమే వారు చెప్పారు, దాటిన మరుక్షణమే సడలిపోతుందని చెప్పలేదు. సడలడానికి డిస్‌లొకేషన్ ఎక్కడో పుట్టాలి, పుట్టాక కదలాలి. సిలికాన్‌లో ఆ కదలికకు అడ్డుగా ఉన్న శక్తి సుమారు 2.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గినా వేగం ఎన్నో రెట్లు పడిపోతుంది. 550 డిగ్రీల వద్ద మీ పొరకు సడలే సమయం దొరకలేదు, అంతే.

పీపుల్-బీన్ లెక్క మీ కొలతతో సరిపోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే వారు పోల్చి చూసుకున్న పొరలు కూడా 550 డిగ్రీల వద్ద పెరిగినవే. డిస్‌లొకేషన్ శక్తిని ఎంత వెడల్పు మీద పరచాలన్న విలువను ఆ ఫలితాలకు నప్పేలా ఎంచుకున్నారు. అదే పొరను 750 డిగ్రీల వద్ద పెంచితే ఆ లెక్క మీకు అక్కరకు రాదు.

నీలికాంతి
మా దగ్గర సిలికాన్ మీద గాలియం నైట్రైడ్ పెంచుతాం. రియాక్టర్‌లో ఉన్నంతసేపూ పొర అద్దంలా ఉంటుంది, చల్లార్చి బయటికి తీస్తే వేఫర్ నిండా పగుళ్లు కనిపిస్తాయి. కాబట్టి మీరు కూడా వేఫర్ చల్లారాకనే కొలవండి, వేడిగా ఉన్నప్పటి మందం లెక్కలు నమ్మవద్దు.

ఎపి_ఇరవయ్యేళ్లు
నీలికాంతి గారూ, మీరు చూసే పగుళ్లకు కారణం వేరు. చల్లారేటప్పుడు గాలియం నైట్రైడ్ సిలికాన్ కంటే ఎక్కువగా కుంచించుకుపోవాలని చూస్తుంది, సిలికాన్ దాన్ని పోనివ్వదు, పొర సాగదీతకు గురై చీలిపోతుంది. ఇక్కడి పొర నొక్కుడులో ఉంది కాబట్టి చీలదు, దాని బాధ లాటిస్ తేడా నుంచి వచ్చినది. పైగా కొలత గది ఉష్ణోగ్రత వద్దనే జరిగింది.

శిఖరం_224
సమయం దొరకలేదనే మాటతో ఏ సిద్ధాంతాన్నైనా కాపాడుకోవచ్చు. నా చేతుల మీదుగా వెళ్లిన 20 శాతం పొరలలో 50 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్న ఏడు వేఫర్లకు మ్యాప్ తీశాను, ఏడింటిలోనూ సడలింపు సున్నా. 12 అనే అంకె ఏ ప్రయోగంలో కనబడింది?

పలుచనిముక్క
ఒక్క మాట. ఇలాంటి పొరనే టీఈఎంలో పైనుంచి చూశాను. పది మైక్రాన్ల పొడవూ వెడల్పూ ఉన్న ప్రాంతంలో ఒక్క డిస్‌లొకేషన్ గీత కూడా కనబడలేదు.

ఎపి_ఇరవయ్యేళ్లు
ఇద్దరికీ కలిపి ఒకే లెక్కతో జవాబు చెబుతాను.

సిలికాన్ లాటిస్ 5.431 ఆంగ్‌స్ట్రామ్‌లు, జెర్మేనియం 5.658. ఇరవై శాతం పొరకు తేడా సుమారు 0.8 శాతం. అంటే పది మైక్రాన్ల పొడవులో పొర తన సహజమైన పొడవు కంటే దాదాపు 80 నానోమీటర్లు తగ్గి కూర్చుంది. ఈ పొరలలో సాధారణంగా ఏర్పడే 60 డిగ్రీల డిస్‌లొకేషన్ గీత ఒకటి వచ్చి చేరితే, పొరకు తిరిగి దక్కేది 0.19 నానోమీటర్ మాత్రమే. 80లో 0.19 అంటే పావు శాతం కూడా కాదు. పూర్తిగా సడలాలంటే ఆ పది మైక్రాన్లలోనే నాలుగు వందలకు పైగా గీతలు కావాలి, అంటే 24 నానోమీటర్లకు ఒకటి.

ఇప్పుడు తిరగేసి చూడండి. పది మైక్రాన్లకు ఒక గీత ఉన్న వేఫర్‌లో సెంటీమీటరుకు వెయ్యి గీతలు ఉంటాయి. వేఫర్ అంచుకు చేరని ప్రతి గీత చివరా ఒక కొస పొర గుండా పైకి లేస్తుంది. డివైస్ మనిషికి అది పాడైన వేఫర్. మ్యాప్‌లో మాత్రం శిఖరం పావు శాతం కూడా జరగదు కాబట్టి అది సున్నాగానే కనబడుతుంది. పలుచనిముక్క గారు చూసిన ప్రాంతంలో సగటున పడవలసింది ఒకటి రెండు గీతలే, కాబట్టి ఏమీ కనబడకపోవడం వింత కాదు. కొలిచే సాధనం ఎంత మొరటుగా ఉంటే క్రిటికల్ థిక్‌నెస్ అంత పెద్దదిగా కనబడుతుందని ఫ్రిట్జ్ 1987లోనే ఎత్తిచూపారు. అదే ఏడాది డాడ్సన్, సావ్ సడలింపును సమయంతో, ఉష్ణోగ్రతతో ముడిపడిన ప్రవాహంగా లెక్కగట్టారు. ఏడు మ్యాప్‌లు తీసినా ఏడు వందలు తీసినా ఈ ప్రశ్నకు అవి జవాబు చెప్పవు.

శిఖరం_224
నా కొలతలను మొరటువి అన్నారు కాబట్టి నా సంగతి కూడా చెబుతాను. ఆరేళ్ల క్రితం నేను పనిచేసిన చోట, 40 నానోమీటర్ల పొర 12 దాటిందన్న ఒకే ఒక్క కారణంతో ఒక పెద్దాయన నా ప్రతిపాదన మొత్తాన్ని కొట్టేశారు. వేఫర్‌ను చూడలేదు, మ్యాప్‌ను చూడలేదు, పుస్తకంలోని గీతను చూపించి చర్చ ముగించారు. ఏడాదిన్నర తరువాత అదే పొరతో మరొకరు చక్కని ట్రాన్సిస్టర్ చేశారు. 12 లోపలే ఉండాలని పట్టుబడితే, బిగువులో ఉన్న పొరలతో ఈ రంగంలో జరిగిన పనిలో సగం జరిగి ఉండేది కాదు. లోపల ఏ లోపమూ లేదని నేను అనలేదు. పొర పనికి వస్తుందా లేదా అన్నదే నాకు ముఖ్యం, మీరు మాత్రం పేరు పట్టుకుని వేలాడుతున్నారు.

ఎపి_ఇరవయ్యేళ్లు
ఆ పేరు వల్లనే నేను నష్టపోయాను. ఒక లైన్‌లో నాకంటే ముందు పనిచేసిన వ్యక్తి రెసిపీ కాగితం మీద "క్రిటికల్ థిక్‌నెస్‌కు లోపల" అని రాసి వెళ్లారు. ఆ మాట చదివినవారు, ఈ పొరను ఎంత వేడి చేసినా ఏమీ కాదని అర్థం చేసుకున్నారు. ఎపిటాక్సీ తరువాత 900 డిగ్రీల ఆక్సిడేషన్ ఒకటి చేర్చారు. లాట్ మొత్తం జంక్షన్ లీకేజీతో పోయింది, కారణం వెతకడానికి మూడు వారాలు పట్టింది, నింద ఎపి మీదనే పడింది. పొర పనికి రాదని నేను కూడా ఎక్కడా అనలేదు. 12 దాటిన పొరలను నేను రోజూ పెంచుతాను. వాటిని మెటాస్టేబుల్ అనే పిలుస్తాను, తరువాత వచ్చే వేడి ఎంతవరకు ఉండవచ్చో దాని పక్కనే రాస్తాను. రాయకపోతే తప్పు.

చదువరి
పైన సిలికాన్ కప్పు పొర వేస్తే లెక్క మారదా?

ఎపి_ఇరవయ్యేళ్లు
మారుతుంది. కప్పు తగినంత మందంగా ఉంటే కింద ఒక గీత, పైన ఒక గీత రెండూ పరచుకోవాలి కాబట్టి సమతౌల్యపు మందం సుమారు రెట్టింపు అవుతుంది. అయినా ఈ పొర 80 దగ్గర ఉంది.

కొత్తపొర
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రెండు ముక్కలు కోసి చూశాను. మొదటిది పెంచినది పెంచినట్టే ఉంది. రెండో ముక్కను ఆర్‌టీఏలో 900 డిగ్రీల వద్ద 30 సెకన్లు ఉంచాను. రెండింటినీ ఫ్యూమ్ హుడ్‌లో షిమ్మెల్ ద్రావణంతో కొద్దిసేపు ఎచ్ చేసి నొమార్‌స్కీ మైక్రోస్కోప్ కింద పెట్టాను.

మొదటి ముక్క మధ్య భాగంలో ఏమీ లేదు. అంచు వైపు జరిపితే, చిమటా పట్టిన చోట చిన్న గీటు ఉంది. ఆ గీటు నుంచి ఐదారు సన్నని గీతలు, ఒకదానికొకటి సమాంతరంగా, 110 దిశలో లోపలికి సాగి, ఒక్కొక్కటి ఒక్కో చోట గుంటతో ఆగిపోయాయి. రెండో ముక్క మాత్రం ఏ మూల చూసినా నిలువు, అడ్డం గీతలతో నేసిన గుడ్డలా ఉంది. దాని 224 మ్యాప్‌లో శిఖరం పక్కకు జరిగింది, లెక్కగడితే సడలింపు 14 శాతం వచ్చింది.

శిఖరం_224
మొదటి ముక్కలోని గీతలను నా మ్యాప్ ఎన్నటికీ చూపించదు, ఆ సంగతి ఒప్పుకుంటున్నాను. మెటాస్టేబుల్ అనే రాయండి. అయితే ఒక విషయంలో నేను వెనక్కి తగ్గను. మొదటి ముక్క మధ్యలో గీతలు లేవు, అంచున గీటు దగ్గర మాత్రమే ఉన్నాయి. అంటే ఈ ఉష్ణోగ్రత వద్ద పొర పరిమితిని నిర్ణయిస్తున్నది మందం కాదు, డిస్‌లొకేషన్ పుట్టడానికి చోటు దొరకడం. శుభ్రమైన వేఫర్ మీద, చిమటా తగలకుండా పెంచితే 550 డిగ్రీలకు పరిమితి 80 కంటే చాలా పైన ఉండవచ్చు. ఆ పరిమితికి కూడా ఒక అంకె ఉండాలి. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా 12నే పట్టుకుంటే పెంచేవాడికి ఏ దారీ దొరకదు.

ఎపి_ఇరవయ్యేళ్లు
పుట్టే చోటు గురించి మీరు చెప్పినది సరైనదే, కానీ ఆ అంకె మీ రియాక్టర్‌ది, మీ వేఫర్ శుభ్రతది, మీరు పెంచిన వేగానిది. మరొకరి యంత్రంలో అది మారుతుంది. దాన్ని క్రిటికల్ థిక్‌నెస్ అని పిలవడానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను.

కొత్తపొర గారూ, పత్రంలో మూడు సంగతులు కలిపి రాయండి. పొర సమతౌల్యపు మందం కంటే ఆరేడు రెట్లు మందంగా ఉంది, 550 డిగ్రీల వద్ద పెరిగింది, మ్యాప్ గుర్తించగలిగిన మేరకు సడలలేదు. ఎచ్ చిత్రాలు రెండూ తప్పక జోడించండి. వీలైతే మరో మూడు ముక్కలను 650, 700, 750 డిగ్రీల వద్ద అదే 30 సెకన్లు ఉంచి చూడండి. గీటు ఉన్న అంచు ముక్కలు కాకుండా మధ్య నుంచి కోసినవే తీసుకోండి. కోసిన అంచులే కొత్త గీతలకు పుట్టిల్లు అవుతాయి కాబట్టి, ప్రతి ముక్కలోనూ అంచు నుంచి రెండు మిల్లీమీటర్లు వదిలి లోపల లెక్కపెట్టండి.

కొత్తపొర
మధ్య నుంచి కోయడానికి ఒక పావు వేఫర్ మాత్రమే మిగిలి ఉంది. సోమవారం 700 డిగ్రీలతో మొదలుపెడతాను.