రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చాలా, రౌటర్‌గానే ఉంచాలా?

మేడమీదగది
మాది కాకినాడలో రెండంతస్తుల ఇల్లు. కింద హాల్లో ఫైబర్ పెట్టె, దానికి కలిపిన, కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే ఎన్‌వీఆర్, నాలుగు తీగ కెమెరాలు ఉన్నాయి. పైకి వైఫై అందడం లేదని రెండో రౌటర్ కొని, కింది నుంచి కేబుల్ లాగి దాని `WAN` పోర్టులో పెట్టాను. ఇంటర్నెట్ బాగానే వస్తోంది. డాబా మీది రెండు వైఫై కెమెరాలను ఈ కొత్త రౌటర్‌కు కలిపి, అమర్చే కుర్రవాడు `192.168.0.61`, `192.168.0.62` అని నంబర్లు ఇచ్చి వెళ్ళాడు. అవి ఫోన్ యాప్‌లో కనిపిస్తున్నాయి గానీ ఎన్‌వీఆర్‌లో రావడం లేదు. అబ్బాయి ప్లేస్టేషన్ 5 లో, ఆన్‌లైన్ ఆటకు దారి బాగా ఇరుకుగా ఉందని చెప్పే `NAT Type 3` చూపిస్తోంది. యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చమని ఒకరు, మారిస్తే భద్రత పోతుందని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

తీగలాగు
మార్చండి. ఆ మోడ్‌లో రెండో రౌటర్ సొంత చిరునామాలు పంచకుండా కింది నెట్‌వర్క్‌నే పైకి అందిస్తుంది. అయితే ఎందుకు మార్చాలో తెలిసి మారిస్తే, మార్చిన తరువాత వచ్చే చిక్కు కూడా ముందే తెలుస్తుంది. మీ పై రౌటర్ ఇప్పుడు మీ ఇంట్లోనే మరో ఇల్లు కట్టుకుని, తలుపు వేసుకుని కూర్చుంది. కింద ఉన్న పరికరాలన్నీ `192.168.1` తో మొదలయ్యే చిరునామాల్లోనూ, పైన ఉన్నవన్నీ `192.168.0` తో మొదలయ్యే చిరునామాల్లోనూ ఉన్నాయి. ఎన్‌వీఆర్ వెళ్ళి `192.168.0.61` ఎక్కడ అని ఫైబర్ పెట్టెను అడిగితే, అలాంటి వరుస తన ఇంట్లో ఉన్నట్లే దానికి తెలియదు కనుక ఆ అభ్యర్థన అక్కడే ఆగిపోతుంది. ఫోన్ యాప్‌లో మాత్రం కెమెరా కనిపిస్తుంది. కెమెరాయే బయటికి వెళ్ళి తన కంపెనీ సర్వరుతో సంబంధం పెట్టుకుంటుంది, ఫోన్ కూడా ఆ సర్వరు ద్వారానే దాన్ని చేరుకుంటుంది. లోపలి నుంచి బయటికి వెళ్ళే దారికి ఎన్ని తలుపులున్నా అడ్డు కావు. అందుకే చాలామంది యాప్‌లో చూసి, కెమెరా బాగానే ఉంది, ఎన్‌వీఆరే పాడైందని పొరబడతారు.

ప్లేస్టేషన్ సంగతీ దాదాపు ఇదే. ఆటకు కావలసిన పోర్టు తెరవమని అది `UPnP` ద్వారా పై రౌటర్‌ను అడుగుతుంది, పై రౌటర్ సరేనని తెరుస్తుంది. కింది పెట్టెకు ఆ కబురే చేరదు.

పై అంతస్తులో ల్యాప్‌టాప్ మీద ఇది ఒకసారి నడిపి, మొదటి మూడు వరుసలు ఇక్కడ పెట్టండి.

```
tracert -d 8.8.8.8
```

కోటగుమ్మం
నేను ఈ సలహాతో ఏకీభవించను. రాజమహేంద్రవరంలో మా పై వాటాలో అద్దెకున్న వారికి మా కనెక్షన్ నుంచే ఇంటర్నెట్ ఇస్తున్నాను. వారి రౌటర్ వేరు, వారి చిరునామాలు వేరు. మూడేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు. రెండు కుటుంబాలను ఒకే నెట్‌వర్క్‌లో కలిపేస్తే వారి పిల్లలు మా టీవీ మీద పాటలు వేయగలరు, మా కెమెరాల లాగిన్ పేజీ దాకా రాగలరు. ఇలా ఒకదాని వెనుక ఒకటిగా రెండు రౌటర్లు చిరునామాలు మార్చే డబుల్ న్యాట్‌ను రోగంలాగా చూడడం అలవాటైపోయింది కానీ, అది మనకు ఉచితంగా దొరికే ప్రహరీగోడ.

తీగలాగు
కోటగుమ్మం గారూ, గోడ ఉన్న మాట నిజమే, కానీ అది కాపాడుతున్నది మిమ్మల్ని కాదు, మీ అద్దెవారిని. లోపలి రౌటర్ వెనుక ఉన్నవారి దగ్గరికి బయటివారు వెళ్ళలేరు. లోపల ఉన్నవారు మాత్రం బయటి నెట్‌వర్క్‌లోకి నిక్షేపంగా రాగలరు, ఎందుకంటే వారి రౌటర్‌కు మీ హాలూ ఇంటర్నెట్టూ ఒకే `WAN` వైపు ఉన్నాయి. పై వాటాలోని ఎవరి ఫోన్ నుంచైనా బ్రౌజర్‌లో `192.168.1.1` అని కొట్టి చూడమనండి. మీ ఫైబర్ పెట్టె లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. మీ ఎన్‌వీఆర్ చిరునామా తెలిస్తే దాని పేజీ కూడా అలాగే వస్తుంది. పాటల విషయంలో మాత్రం మీరు కొంత సురక్షితం: టీవీని వెతికే కబుర్లు రౌటర్ గోడ దాటవు కనుక వారి ఫోన్లలో మీ టీవీ పేరు కనిపించదు.

కోటగుమ్మం
ఇప్పుడే పైకి వెళ్ళి వారి ఫోన్‌లో చూశాను. లాగిన్ పేజీ నిజంగానే వచ్చింది. పెట్టె మీద అచ్చేసిన పాస్‌వర్డ్ నేటికీ మార్చలేదని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా నా వాదన పూర్తిగా పోలేదు. అద్దెవారిని యాక్సెస్ పాయింట్ మీద పెడితే ఉన్న కాస్త అడ్డూ పోతుంది కదా.

తీగలాగు
పోతుంది, అందులో అనుమానం లేదు. మీ ఇంటికి ఆ మోడ్ నేను చెప్పను. మీరు మీ ఇంటి పరికరాలన్నిటినీ మీ సొంత రౌటర్ వెనక్కి చేర్చి, అద్దెవారి రౌటర్‌ను ఫైబర్ పెట్టెకే వదిలేస్తే గోడ సరైన వైపుకు వస్తుంది. మేడమీదగది గారిది ఒకే కుటుంబం, వారి ఎన్‌వీఆర్ కింద, కెమెరాలు పైన. ఆ రెండిటి మధ్య గోడ ఉండకూడదు.

జామచెట్టు
మా ఇంట్లో పైకి కేబుల్ లేదు, లాగడానికి మా ఆవిడ ఒప్పుకోదు. అయినా యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టాను. రౌటర్ లైట్లన్నీ వెలుగుతున్నాయి కానీ ఇంటర్నెట్ రాదు. కనుక ఈ మోడ్ పనిచేయదని నా అనుభవం.

గోదారిగట్టు
జామచెట్టు గారూ, మీరు పెట్టవలసినది రిపీటర్ మోడ్. యాక్సెస్ పాయింట్‌కు కింది నుంచి కేబుల్ ఉండి తీరాలి. కొన్ని రౌటర్లలో రెండూ ఒకే మెనూలో పక్కపక్కనే ఉంటాయి, మీరు ఒకటనుకుని మరొకటి నొక్కి ఉంటారు.

అసలు ప్రశ్నకు వస్తే, మోడ్ మార్చకుండానే పని జరిగే దారి ఉంది. పై రౌటర్ చిరునామాను ఫైబర్ పెట్టెలో `DMZ` కింద ఇచ్చేస్తే, బయటి నుంచి వచ్చేదంతా నేరుగా దానికే చేరుతుంది. మా అబ్బాయి గేమింగ్‌కు నేను అలాగే చేశాను, `NAT Type 2` వచ్చింది.

తీగలాగు
కన్సోల్ వరకు ఆ ఉపాయం పనిచేస్తుంది గోదారిగట్టు గారూ, మరీ పోర్టు పోర్టుకూ రెండు చోట్ల దారులు తెరిచే అవస్థ తప్పుతుంది. కానీ ఎన్‌వీఆర్ కింద ఉంది, దానికి కావలసింది బయటి నుంచి వచ్చే దారి కాదు, పక్క గదికి వెళ్ళే దారి. `DMZ` ఇచ్చినా ఎన్‌వీఆర్ `192.168.0.61` ని వెతుక్కుంటూ అదే చోట ఆగిపోతుంది.

మేడమీదగది
మీరు అడిగిన వరుసలు ఇవి.

```
1    1 ms    1 ms    1 ms  192.168.0.1
2    2 ms    1 ms    2 ms  192.168.1.1
3    5 ms    4 ms    5 ms  100.71.0.1
```

తీగలాగు
మొదటి రెండూ మీ ఇంట్లోవే. వరుసగా రెండు ఇంటి చిరునామాలు వచ్చాయంటే డబుల్ న్యాట్ ఉందన్నట్టే. మూడోదాన్ని చూస్తే నాకు వేరే సందేహం వస్తోంది కానీ అది తరువాత. ముందు ఈ పని చేయండి.

మోడ్ మార్చడానికి ముందే, పాత నెట్‌వర్క్‌లో ఉండగానే, ఆ రెండు కెమెరాల సెట్టింగుల్లోకి వెళ్ళి స్థిర చిరునామా తీసేసి, రౌటర్ పంచే చిరునామానే తీసుకునేలా `DHCP` పెట్టండి. ఈ మెట్టు మరచిపోయిన వారే ఎక్కువ. ఆ తరువాత పై రౌటర్‌లో `Operation Mode` తెరిచి `Access Point` ఎంచుకోండి. అది ఒకసారి ఆగి మళ్ళీ మొదలవుతుంది, ఇక `192.168.0.1` తెరుచుకోదు. కంగారు పడకండి, దానికి ఇప్పుడు ఫైబర్ పెట్టె కొత్త నంబరు ఇచ్చి ఉంటుంది, పెట్టె పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితాలో అది కనిపిస్తుంది.

మీ రౌటర్‌లో ఆ మోడే లేకపోతే, కేబుల్ కలపక ముందే దాని సొంత చిరునామాను `192.168.1.2` గా మార్చి, `DHCP` ఆపేసి, కేబుల్‌ను `WAN` లో కాకుండా లాన్ పోర్టులో పెట్టాలి. పెట్టె పంచిపెట్టే నంబర్ల వరుసలో ఆ `2` లేకుండా చూసుకోవాలి. `DHCP` ఆపడం మరచిపోతే ఇంట్లో ఇద్దరు నంబర్లు పంచుతారు. అప్పుడు ఒక ఫోన్‌కు ఇంటర్నెట్ వస్తుంది, పక్క ఫోన్‌కు రాదు, ఆపి మళ్ళీ వేస్తే అటుది ఇటవుతుంది. `ipconfig` కొట్టి చూస్తే `Default Gateway` దగ్గర `192.168.1.1` బదులు `192.168.1.2` కనిపిస్తుంది.

మేడమీదగది
మీరు చెప్పిన ఆ మొదటి మెట్టును సగమే పాటించాను. ఒక కెమెరాను మార్చాను, రెండోదాని పాస్‌వర్డ్ అప్పటికి గుర్తు రాక, తరువాత చూద్దామని మోడ్ మార్చేశాను. మొదటిది ఎన్‌వీఆర్‌లో వెంటనే దొరికింది. రెండోది ఇప్పుడు యాప్‌లో కూడా లేదు.

తీగలాగు
అది పాత వీధి చిరునామాతో కొత్త వీధిలో నిలబడి ఉంది. పాస్‌వర్డ్ దొరికితే రీసెట్ అక్కరలేదు. ల్యాప్‌టాప్‌ను పై వైఫైకి కలిపి, దానికి తాత్కాలికంగా `192.168.0.50`, మాస్క్ `255.255.255.0` అని చేత్తో ఇవ్వండి. ఇద్దరూ ఒకే తీగ మీద ఉన్నారు కనుక `192.168.0.62` పేజీ తెరుచుకుంటుంది. అందులో `DHCP` పెట్టి, ల్యాప్‌టాప్‌ను మళ్ళీ మామూలు స్థితికి తెచ్చేయండి. ఆ తరువాత కెమెరాల నంబర్లు మారిపోకుండా ఫైబర్ పెట్టెలోనే వాటికి రిజర్వేషన్ చేయండి, లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎన్‌వీఆర్ వాటిని పోగొట్టుకోవచ్చు.

మేడమీదగది
పాస్‌వర్డ్ అమర్చిన కుర్రవాడిని అడిగి తెలుసుకున్నాను. రెండు కెమెరాలూ వచ్చాయి. మరో లాభం కూడా చూశాను. రెండు అంతస్తులకూ వైఫై పేరూ పాస్‌వర్డూ ఒకటే ఉన్నా ఇంతకుముందు మెట్లెక్కుతుంటే వాట్సాప్ కాల్ తెగిపోయేది, ఇప్పుడు ఒక క్షణం ఆగి కొనసాగుతోంది. కానీ ప్లేస్టేషన్‌లో ఇంకా `NAT Type 3` అనే ఉంది.

తీగలాగు
ఇక ఆ మూడో వరుస సంగతి. ఫైబర్ పెట్టె స్టేటస్ పేజీలో `WAN` చిరునామా చూడండి. అది `100.64` నుంచి `100.127` మధ్య మొదలైతే, మీ ఇంటర్నెట్ కంపెనీ వారు చాలామంది చందాదారులను ఒకే బయటి చిరునామా వెనుక పెట్టారని అర్థం. ఆ వరుసను 2012 లో ఇందుకోసమే కేటాయించారు. మీ ఇంటి గోడ తీసేశారు, వీధి చివర గేటు మాత్రం మీ చేతిలో లేదు.

మేడమీదగది
`100.71` తోనే మొదలవుతోంది.

గోదారిగట్టు
మాదీ `100` తోనే మొదలవుతుంది, అయినా మాకు టైప్ 2 వచ్చింది. కనుక తప్పు కంపెనీది కాకపోవచ్చు. పెట్టెలో `UPnP` ఆన్ చేసి, ప్లేస్టేషన్‌ను పూర్తిగా ఆపి మళ్ళీ వేసి చూడండి.

తీగలాగు
అదీ సాధ్యమే. కంపెనీ తన గేటు దగ్గర పోర్టులను ఎంత కఠినంగా అప్పగిస్తుందన్న దాన్ని బట్టి, ఒకే రకం చిరునామా ఉన్న రెండు ఇళ్ళలో రెండు ఫలితాలు వస్తాయి. పెట్టెలో `UPnP` పెట్టడం నాకు అంతగా ఇష్టం లేదు, ఎందుకంటే చౌక కెమెరాలు కూడా దాన్ని వాడి చెప్పకుండా తలుపులు తెరుచుకుంటాయి. అయినా ఒక రోజు పెట్టి చూడండి. అప్పటికీ టైప్ 3 అయితే, నెలకు కొంత అదనంగా తీసుకుని సొంత పబ్లిక్ చిరునామా ఇస్తారేమో కంపెనీని అడగడమే మిగిలింది.

కోటగుమ్మం
కొడుకు ఆట కోసం కెమెరాల ఇంట్లో `UPnP` తెరవడాన్ని ఒక రోజుకైనా నేను సమర్థించను. పెట్టెలో ప్లేస్టేషన్ ఒక్కదానికే చేత్తో పోర్టు ఇవ్వవచ్చు కదా.

తీగలాగు
ఇవ్వవచ్చు, ఆ గేటు తెరిచి ఉన్నంతవరకు రెండు పద్ధతులూ ఒకటే ఫలితం ఇస్తాయి. మూసి ఉంటే రెండూ వృథాయే.

మేడమీదగది
కంపెనీకి ఫోన్ చేశాను. సొంత చిరునామా ఇస్తామన్నారు కానీ, దానికి ప్లాన్ మార్చాలంటున్నారు. ఈలోపు కోటగుమ్మం గారి మాట ప్రకారం చేత్తో పోర్టు ఇచ్చి చూస్తాను. అబ్బాయి పరీక్షలు ఇరవయ్యో తేదీ దాకా ఉన్నాయి కనుక తొందరేమీ లేదు.