38 డిగ్రీల హైదరాబాదా, 32 డిగ్రీల విశాఖా: పరుగులో ఒంటికి ఏది ఎక్కువ భారం?

బీచ్‌రోడ్ రన్నర్:
మాది విశాఖ. 32 డిగ్రీలు, తేమ 75 శాతం. హైదరాబాద్‌లో మా ఫ్రెండ్స్ 38 డిగ్రీల్లో, 25 శాతం తేమలో ఇదే స్పీడులో, అంటే గంటకు 10 కిలోమీటర్లు పరిగెత్తుతున్నారు. వాళ్ళ టీషర్ట్ పెద్దగా తడవదు. మాది పిండితే నీళ్ళు కారతాయి. అసలు ఎవరి ఒంటికి ఎక్కువ కష్టం?

డెక్కన్ పేసర్:
హైదరాబాద్ వాళ్ళకే. అనుమానమే లేదు. మన చర్మం సుమారు 35 డిగ్రీలుంటుంది. గాలి అంతకంటే వేడిగా ఉంటే ఒంట్లోంచి బయటికి పోవాల్సింది పోయి, బయటి వేడే లోపలికి వస్తుంది. విశాఖలో గాలి ఇంకా చర్మం కంటే చల్లనే. పైగా మీకు చెమట ధారగా కారుతోందంటే ఒళ్ళు బాగా చల్లబడుతున్నట్టే. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఉదయం 5 గంటలకు మీ దగ్గర తేమ 90 శాతం ఉంటుంది. ఆ టైమ్ మానేసి సాయంత్రం పెట్టుకోండి.

ఉష్ణలెక్క:
పేసర్ గారూ, బయటి వేడి లోపలికి వస్తుందన్న మాట నిజం. కానీ కారిన చెమట చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. ఈ ప్రశ్నలో అసలు ముడి అక్కడే ఉంది.

70 కిలోల మనిషిని తీసుకుందాం. ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో పుట్టే వేడి 100 వాట్లు, పాత బల్బు ఒకటి వెలిగినంత. 25 డిగ్రీల గదిలో అందులో ఎక్కువ భాగం చుట్టూ ఉన్న గోడలకూ గాలికీ పోతుంది. మనకు తెలియకుండా చర్మం నుంచి, ఊపిరి నుంచి ఆరిపోయే తడి మోసుకెళ్ళేది ఓ 20 వాట్లే. ఆ స్థితిలో చెమటతో పనే ఉండదు.

అదే మనిషి గంటకు 10 కిలోమీటర్లు పరిగెత్తితే దాదాపు 800 వాట్లు. చదును నేల మీద పరుగులో శక్తి బయట ఎక్కడా పోగుపడదు కాబట్టి దాదాపు అంతా వేడిగానే తేలుతుంది. ఆ వేడి ఏమాత్రం బయటికి పోకపోతే 5 నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున ఒళ్ళు వేడెక్కుతుంది. కూర్చున్న మనిషికైతే అదే డిగ్రీకి 40 నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు రెండు ఊళ్ళు. పరుగు వేగమే గాలిగా తగులుతుందనీ, చర్మమంతా తెరిచే ఉందనీ, ఎండ లేదనీ అనుకుని వేసిన లెక్క ఇది. హైదరాబాద్‌లో గాలి నుంచి మరో 110 వాట్లు వచ్చి చేరతాయి. చెమట మోయాల్సింది 910. విశాఖలో గాలే 110 పట్టుకుపోతుంది. మిగిలేది 690. ఇంతవరకు పేసర్ గారిదే గెలుపు.

కానీ ఆ గాలి ఎంత చెమటను ఆర్చగలదు? దాన్ని తేల్చేది తేమ శాతం కాదు, తడి చర్మం దగ్గరి ఆవిరి ఒత్తిడికీ గాలిలోని ఆవిరి ఒత్తిడికీ మధ్య తేడా. తడి చర్మం దగ్గర 5.6 కిలోపాస్కల్. హైదరాబాద్ గాలిలో 1.7, విశాఖ గాలిలో 3.6. అంటే హైదరాబాద్‌లో తేడా విశాఖకు దాదాపు రెట్టింపు. దాని ప్రకారం అక్కడ గరిష్ఠంగా 1,800 వాట్ల వరకు ఆరగలదు, ఇక్కడ 940. వాళ్ళు ఉన్న సామర్థ్యంలో సగం వాడుతున్నారు, మీరు మూడొంతులు వాడేస్తున్నారు. చర్మం అంతగా తడిసేసరికి కొంత చెమట ఆరకుండానే జారిపోతుంది.

అందుకే చెమట పరిమాణం ఇద్దరికీ పెద్ద తేడా ఉండదు. గంటకు వాళ్ళకు 1.5 లీటర్లు, మీకు 1.4. వాళ్ళది కంటికి కనబడకుండా ఎగిరిపోతోంది, మీది షర్ట్‌లో మిగులుతోంది. హైదరాబాద్‌లో ప్రమాదం నీళ్ళు తెలియకుండా తగ్గడం. విశాఖలో ప్రమాదం నీళ్ళు ఎన్ని తాగినా వేడి పోకపోవడం. నన్నడిగితే ఒంటికి విశాఖే ఎక్కువ ఇరుకు.

ఉదయం సంగతి కూడా ఇంతే. 28 డిగ్రీల్లో 90 శాతం అంటే 3.4 కిలోపాస్కల్. 32 డిగ్రీల్లో 75 శాతం కంటే అది తక్కువ ఆవిరే. పైగా గాలి 4 డిగ్రీలు చల్లన, దానికదే 250 వాట్లు తీసుకెళ్తుంది. శాతం చూసి ఉదయం పరుగు మానుకోకండి.

సన్నజాజి:
సార్, నేను జిమ్‌లో గంట ట్రెడ్‌మిల్ చేసి 1.2 కిలోలు తగ్గుతున్నాను. రెయిన్‌కోట్ లాంటి స్వెట్ సూట్ వేసుకుంటే 1.8 వరకు వస్తోంది. అంటే తేమ ఉన్న ఊళ్ళోనే కొవ్వు ఎక్కువ కరుగుతుందన్నమాటేగా?

ఉష్ణలెక్క:
కాదమ్మా, అది నీళ్ళ బరువు. మీరు చెప్పిన గంటలో 700 కిలోకేలరీలు ఖర్చయ్యాయనే అనుకుందాం. అదంతా కొవ్వు నుంచే వచ్చినా 90 గ్రాములు దాటదు. చెమట ఆరడానికి కొత్తగా కేలరీలు ఖర్చు కావు, అప్పటికే పుట్టిన వేడినే అది తీసుకెళ్తుంది. స్వెట్ సూట్ లోపల గాలి ఆవిరితో నిండిపోతుంది, చెమట ఆరదు. చల్లబడని ఒళ్ళు ఇంకా చెమట పోస్తూనే ఉంటుంది. మీకు కనబడిన ఆ అదనపు 600 గ్రాములు అవే. దయచేసి అది వాడకండి.

కొలతబద్ద:
ఉష్ణలెక్క గారూ, మీ లెక్కలో రెండు చోట్ల నాకు అభ్యంతరం. ఒకటి, అందరూ బట్టలు వేసుకునే పరిగెత్తుతారు. తడిసి ఒంటికి అతుక్కున్న షర్ట్ ఆర్చే శక్తిని 30 శాతం తగ్గించిందనుకోండి, మీ 940 కాస్తా 660కి పడుతుంది. కావాల్సింది 690. అంటే విశాఖలో మీరు చెప్పిన సామర్థ్యం ఇప్పటికే అయిపోయింది. రెండోది గాలి దిశ. బీచ్‌రోడ్డులో గాలి వెనక నుంచి, మనం పరిగెత్తే వేగంతోనే వీస్తే ఒంటికి తగిలే గాలి సున్నా.

ఉష్ణలెక్క:
రెండూ ఒప్పుకుంటున్నాను. ముఖ్యంగా రెండోది. షర్ట్ సంగతి పక్కనపెట్టినా, గాలి వెనకుంటే ఆర్చే శక్తి 490 దగ్గరికి పడిపోవచ్చు. కావాల్సింది 730 అవుతుంది. రోజూ లోటు లేకుండా నడిచే పరుగే ఆ ఒక్క వైపు 240 వాట్లు వెనకబడుతుంది, 17 నిమిషాలకు ఒక డిగ్రీ. రానూ పోనూ పరుగైతే ఎదురుగాలి వైపును చివరికి ఉంచుకోవాలి, ఒళ్ళు బాగా వేడెక్కేది అప్పుడే కనుక.

లోటు మొదలైందని తెలిసేది ఇలా: స్పీడు మారదు, గుండె వేగం మాత్రం ప్రతి కిలోమీటరుకూ పెరుగుతుంది. అక్కడే తగ్గించాలి. చలి పుట్టినట్టనిపించినా, మాట తడబడినా, అడుగు తప్పినా పరుగు ఆపేసి, ఆలస్యం చేయకుండా ఒంటిని చల్లటి నీళ్ళలో ముంచాలి, 108కి ఫోన్ చేయాలి. చెమట ఇంకా పడుతోందిగా అని ఊరుకోకూడదు. పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు.

బీచ్‌రోడ్ రన్నర్:
నాది ఎంత ఆరుతోందో కొలవొచ్చా అన్నా?

కొలతబద్ద:
కొలవొచ్చు. పరుగుకు ముందు, తర్వాత ఒళ్ళు తుడుచుకుని బట్టలు లేకుండా తూగండి. 70.0 నుంచి 69.1కి వచ్చి, మధ్యలో అర లీటరు తాగితే పోయింది 1.4 కిలోలు. అందులో కొద్ది భాగం ఊపిరితో పోయింది. బట్టలను పొడిగా ఒకసారి, తడిగా ఒకసారి వంటింటి త్రాసులో పెట్టండి. 250 గ్రాములు 480 అయితే 230 గ్రాములు ఆరలేదు. నేల మీద పడ్డది దీనికి అదనం. మధ్యలో మూత్రానికి వెళ్తే లెక్క చెడుతుంది.

డెక్కన్ పేసర్:
చెమట సంగతి ఒప్పుకున్నాను. కానీ మే నెల ఎండ కలిపితే మాకు ఇంకో వంద వాట్లకు పైనే, అది మీరు వదిలేశారు. తల మీద, షర్ట్ మీద నీళ్ళు పోసుకుంటే మాకు కలిసొస్తుంది, విశాఖలో ఇప్పటికే తడిసిన షర్ట్ మీద ఏం లాభం?

ఉష్ణలెక్క:
ఎండ కలిపినా మీకు ఇంకా చోటుంది, నీళ్ళ ఖర్చు మాత్రం పెరుగుతుంది. పోసుకునే నీళ్ళ మాట మీదే కరెక్ట్. విశాఖలో ఆ నీళ్ళు బాగా చల్లనివైతేనే కాస్త ఉపయోగం.

కొలతబద్ద:
విశాఖలో షర్ట్ తీసేస్తే మేలా, ఎండలో ఉంచుకుంటే మేలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. పొద్దున నీడలో తీసేయడమే మేలంటాను. ఎండెక్కాక ఏది మేలో ఎవరైనా రెండు రకాలుగా తూకాలు తీసి ఇక్కడ పెడితే అప్పుడు మాట్లాడదాం.