తాకట్టు లేకుండా పుస్తకం ఇస్తాడా?

కథల_పిచ్చి: 1320ల నాటి పారిస్ నేపథ్యంగా కథ రాస్తున్నాను. పుస్తకాల వ్యాపారి, చేతిలో చిల్లిగవ్వ లేని తెలివైన విద్యార్థికి అరుదైన పుస్తకం మొత్తాన్ని తాకట్టు లేకుండా ఇంటికి ఇస్తాడు. ఇది నమ్మేలా ఉందా?

రామబాణం: కుదరదు. అప్పట్లో పుస్తకాలను గొలుసులతో బల్లలకి కట్టేసేవాళ్ళు. ఇంటికి ఇవ్వడం అనేదే లేదు.

తాళపత్రం: గొలుసులు గ్రంథాలయాల్లో అండీ, దుకాణాల్లో కాదు. పారిస్‌లోని సోర్బోన్ కళాశాలలో కూడా ఒక గదిలోనే గొలుసు పుస్తకాలు, రెండో గదిలోవి తాకట్టు పెట్టుకుని ఇచ్చేవాళ్ళు. కథలో నాకు అడ్డు తగిలేది "మొత్తం" అన్న మాట. విశ్వవిద్యాలయం కింద పనిచేసే వ్యాపారి దగ్గర, చూసి రాసుకోవడానికి ఇచ్చే మూల ప్రతి కుట్టిన పుస్తకంలా ఉండదు, విడి ముక్కలుగా ఉంటుంది. ముక్క అంటే మామూలుగా నాలుగు ఆకులు. విద్యార్థి ఒక ముక్క అద్దెకి తీసుకెళ్ళి, రాసుకుని, తెచ్చిచ్చి, తరవాతది పట్టుకెళ్తాడు. అలా ఒకే పుస్తకాన్ని ఒకేసారి పదిమంది రాసుకోవచ్చు. మొత్తం ఒక్కడికే ఇచ్చేస్తే మిగతా తొమ్మిదిమంది అద్దె ఆగిపోతుంది. ఒక్క ముక్క పోయినా ఆ మూల ప్రతికి మధ్యలో చిల్లు పడినట్టే, ఇక ఎవరూ పూర్తి పుస్తకం రాసుకోలేరు.

కోఠి_మెట్లు: అన్నీ లెక్కలేనా? నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక పాత పుస్తకాల షాపాయన ఖరీదైన ఫిజిక్స్ పుస్తకం "పరీక్షలయ్యాక తెచ్చివ్వు బాబూ" అని ఊరికే ఇచ్చాడు. తెచ్చిచ్చాను. మంచివాళ్ళు పారిస్‌లో మాత్రం ఉండరా?

గోదారి_గాలి: ఇరాక్‌లోని బస్రాలో తొమ్మిదో శతాబ్దపు అరబ్బీ రచయిత జాహిజ్ పుస్తకాల దుకాణాలు అద్దెకి తీసుకుని రాత్రంతా అక్కడే కూర్చుని చదివేవాడని చెప్తారు. మీ విద్యార్థిని కూడా దుకాణంలోనే కూర్చోబెట్టండి.

రామబాణం: చూశారా, ఆయన కూడా ఇంటికి తీసుకెళ్ళలేదు. గొలుసు లేకపోయినా అర్థం అదే.

తాళపత్రం: కోఠి గారూ, మంచితనం లేదని నేను అనలేదు. పారిస్ విశ్వవిద్యాలయం 1323లో పెట్టిన నియమం చూడండి. రాసుకుంటానని వచ్చినవాడికి వ్యాపారి మూల ప్రతి ఇవ్వనని అనకూడదు, కానీ వచ్చినవాడు తగిన తాకట్టు పెట్టాలి. అంటే పేదవాడు బయట ఉండిపోయేది వ్యాపారి మనసు వల్ల కాదు, ఆ రెండో సగం వల్ల. కథ అక్కడ పెట్టండి.

కోఠి_మెట్లు: నియమం, నియమం! ఏమీ లేనివాడు ఏం తాకట్టు పెడతాడు? ఇలా మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ అప్పు అడిగి ఉండరు.

తాళపత్రం: నేను అడగలేదు, ఇచ్చాను. మా ఊళ్ళో ఇంట్లోనే చిన్న లైబ్రరీ నడిపాను, తాకట్టు వద్దు, పేరు రాసుకుంటే చాలన్నాను. నాలుగేళ్ళకి అలమారలో సగం ఖాళీ. తీసుకెళ్ళినవాళ్ళు దొంగలు కారు, మరిచిపోయినవాళ్ళు. దాని వల్ల తరవాత వచ్చిన పిల్లలకి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఆ పిల్లలూ పేదవాళ్ళే.

రామబాణం: అందుకే గొలుసు.

కోఠి_మెట్లు: సరే, నేనూ పూర్తిగా చెప్పలేదు. ఆ మంచాయన కంటే ముందు ఇంకో షాపులో అడిగాను. ఆయన మా నాన్న చేతి గడియారం విప్పించి పెట్టుకున్నాడు, అందరూ చూస్తుండగా. పుస్తకం ఇచ్చాడు, నిజమే, కానీ అందులో ఒక్క పేజీ కూడా నాకు గుర్తులేదు. తాకట్టు అనేసరికి నాకు ఆ గడియారమే కనిపిస్తుంది.

తాళపత్రం: అది చాలా బాధాకరం. అయినా నాకు వేరేలా అనిపిస్తుంది. తాకట్టు పెట్టినవాడు అందరిలాంటి ఖాతాదారు, ఎవరి దయా అక్కర్లేదు. ఊరికే తీసుకున్నవాడు జన్మంతా రుణపడి ఉండాలి. ఇద్దరిలో ఎవరు తల ఎత్తుకుని నడుస్తారో మీరే చెప్పండి.

కోఠి_మెట్లు: నాకు ఊరికే ఇచ్చినాయన ముందే నేను తల ఎత్తుకుని నడిచాను. ఇందులో మనకి కుదరదు.

గోదారి_గాలి: తాకట్టు అడిగాడా లేదా అన్నదాని కంటే ఎలా అడిగాడన్నదే మీ ఇద్దరి గొడవ అనిపిస్తోంది.

కథల_పిచ్చి: "మొత్తం" అన్న మాట తీసేస్తున్నాను, ముక్కలే. తాళపత్రం గారూ, విద్యార్థి వెళ్ళేసరికి మూడో ముక్క ఇంకొకరి దగ్గర ఉంటే ఏం చేస్తాడు?

తాళపత్రం: దానికి చోటు వదిలేసి నాలుగోది ముందు రాసుకుంటాడు. తరవాత మూడోది దొరికాక, వదిలిన చోటు చాలకపోతే అక్షరాలు ఇరికించి రాస్తాడు, ఎక్కువైతే సాగదీస్తాడు. ఇప్పటికీ మిగిలి ఉన్న ప్రతుల్లో అలాంటి చోట్లు కనిపిస్తాయి, అంచున ముక్క నంబరు కూడా ఉంటుంది. ఎవరో ఒకరు ఆ ముక్క కోసం ఎదురుచూశారని అలా తెలుస్తుంది.

కథల_పిచ్చి: అయితే నా కథ ఆ ఖాళీ చోటు దగ్గర మొదలవుతుంది. తాకట్టు సంగతి ఇంకా తేల్చుకోలేదు.

కోఠి_మెట్లు: గడియారం మాత్రం పెట్టించకండి.