సగం ఊలు, సగం అక్రిలిక్ దారంతో అల్లితే గుచ్చుకోవడం, బుడిపెలు రెండూ తగ్గుతాయా?

కొండచలి (సిమిలిగుడ)
మనవడికి ఎనిమిదేళ్ళు. బడికి బయలుదేరే వేళకు ఇక్కడ మంచు విడవదు. నిరుడు పూర్తి ఊలుతో స్వెటర్ అల్లితే మెడ దగ్గర గుచ్చుతోందని బస్సెక్కగానే విప్పేసేవాడు. అంతకు ముందు అక్రిలిక్‌తో అల్లినది ఇష్టంగానే వేసుకున్నాడు కానీ, సంచి రాసుకునే చోటా చంకల్లోనూ బుడిపెలు లేచి పాతగుడ్డలా తయారైంది. ఇప్పుడు దుకాణంలో సగం ఊలు, సగం అక్రిలిక్ అంటూ ఒక దారం చూపించారు. అది తీసుకుంటే రెండు బాధలూ తగ్గుతాయా? ఎనిమిదో నంబరు సూదులతో అల్లుతాను.

రాయగడ అత్తయ్య
కలిపిన దారం వద్దమ్మా. ఊలుకు ఊలే సాటి. మంచి ఊలు బుడిపెలు కట్టనే కట్టదు. గుచ్చుకుంటోందంటే అందులో వేసిన రంగు పడటం లేదన్నమాట, రంగు వేయని ఊలు తెచ్చి అల్లండి. అక్రిలిక్ ప్లాస్టిక్ లాంటిదే, అది చలి ఆపదు. మా అబ్బాయికి అల్లిన ఊలు స్వెటర్ ఇప్పుడు వాడి కొడుకు వేసుకుంటున్నాడు, ఒక్క బుడిపె లేదు.

గుణుపురం కోడలు
అక్రిలిక్ చలి ఆపదనడం అన్యాయం అత్తయ్యగారూ. చలి ఆపేది దారం మధ్య నిలిచే గాలి. అక్రిలిక్ దారం కూడా ఉబ్బుగానే ఉంటుంది, గాలిని బాగానే పట్టి ఉంచుతుంది. నా పిల్లలు ఇద్దరూ వాటితోనే పెరిగారు. పైగా బరువుండదు, పురుగు పట్టదు, కర్పూరం ఉండలు వేసి దాచే పని లేదు.

బల్లార్షా పాతకాపు
గొర్రె ఊలు గుచ్చుకోక ఏం చేస్తుంది? మా తాత గొంగళి కప్పుకొని చేనికి కాపలా వెళ్ళేవాడు, ఒక్కనాడూ గోక్కోలేదు. ఈ కాలం పిల్లలకు అలవాటు చేయాలి.

కొండచలి (సిమిలిగుడ)
గొంగళి చొక్కా మీద కప్పుకుంటారు కదండీ. నేను అడిగింది మెడకు ఆనుకునే స్వెటర్ సంగతి.

నూలుమేస్త్రి (జయపురం)
లుధియానాలో ఊలు వడికే మిల్లులో చాలాకాలం పనిచేసి వచ్చాను. ముందు గుచ్చుకోవడం సంగతి. అది రంగు వల్ల కాదు, చాలామందికి అది ఎలర్జీ కూడా కాదు. దారం పైకి పొడుచుకొచ్చిన పోగుల కొనలు చర్మాన్ని నొక్కుతాయి. సన్నని పోగు నొక్కగానే వంగిపోతుంది. లావు పోగు వంగదు, సూదిలా నిలబడి పొడుస్తుంది. సుమారు 30 మైక్రాన్లకు మించి లావున్న పోగులు నూటికి అయిదు దాటితే ఎక్కువమందికి గుచ్చుతుంది. మెరినో ఊలు మంచి రకం 20 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మెడకు హాయిగా ఉంటుంది. గొంగళికి వాడే దక్కనీ గొర్రె ఊలు దానికంటే చాలా లావు. చెమట పట్టిన చర్మం మీద ఇంకా ఎక్కువ గుచ్చుతుంది. పిల్లవాడు బస్సులో, ఆ వేడిలోనే విప్పేస్తున్నాడని మీరే రాశారు చూడండి.

ఇప్పుడు బుడిపెలు. రాపిడికి పోగుల కొనలు బయటికి లేచి, ఒకదానికొకటి చిక్కుకొని ఉండ కడతాయి. ఇది ఊలుకూ జరుగుతుంది. తేడా ఆ తర్వాతే. ఊలు పోగుకు బలం తక్కువ, ఆ ఉండను పట్టి ఉంచలేక తెగిపోతుంది, కొన్ని ఉతుకుల తర్వాత చాలావరకు రాలిపోతాయి. అక్రిలిక్ పోగు తెగదు, ఉండ అక్కడే వేలాడుతుంది.

రెండూ కలిపితే ఊలు కొనలు సులువుగా బయటికి వచ్చి ఉండ కడతాయి, అక్రిలిక్ పోగులు దాన్ని రాలనివ్వకుండా పట్టుకుంటాయి. కలిపిన ఊలు లావు రకమైతే గుచ్చుకోవడమూ మిగిలే ఉంటుంది. అందువల్ల సగం సగం అన్నంత మాత్రాన సగం బాధ తగ్గదు. ఒక్కోసారి రెండు బాధలూ ఒకే స్వెటర్‌లో చేరతాయి.

రాయగడ అత్తయ్య
అయితే నా స్వెటర్‌కు బుడిపె ఎందుకు రాలేదు మేస్త్రిగారూ?

నూలుమేస్త్రి (జయపురం)
ఆ రోజుల్లో దొరికిన ఊలు లావుగా, గట్టిగా మెలిపెట్టి ఉండేది. లావు పోగు చిక్కుపడటం తక్కువ, గట్టి మెలిక దాన్ని బయటికి రానివ్వదు. మెత్తదనం కోసం సన్నని, పొట్టి పోగులను వదులుగా వడికితే బుడిపెలు తప్పవు. ఎంత ఖరీదైన మెరినో అయినా అంతే. మీ అబ్బాయి స్వెటర్ లోపల చొక్కా తొడిగేవాడా?

రాయగడ అత్తయ్య
కాలరు చొక్కా లేకుండా ఎవరైనా స్వెటర్ తొడుగుతారా!

పర్లాకిమిడి పాఠకుడు
అదే సంగతి. మనవడిది టీషర్టేమో అడగండి.

గుణుపురం కోడలు
కాబట్టి అక్రిలికే మేలు అని తేలింది.

రాయగడ అత్తయ్య
ఏమీ తేలలేదు. మంచులో నడిచి వెళ్ళే పిల్లవాడికి తడి తగలదా? ఊలు తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. ఈ మాట మేస్త్రిగారినే అడగండి. ఇంకొకటి, మా వైపు చలికాలం తెల్లవారితే ప్రతి వాకిట్లోనూ చలిమంట ఉంటుంది. నిప్పురవ్వ పడితే ఊలు మాడి ఆగుతుంది. అక్రిలిక్ అంటుకొని, కరిగి, ఒంటికి పట్టుకుంటుంది. పిల్లవాడి విషయం కదా.

నూలుమేస్త్రి (జయపురం)
ఆ రెండు మాటలూ నిజమే. అక్రిలిక్ తేమను దాదాపు పీల్చదు, నీరు పోగుల మధ్యే నిలుస్తుంది. నిప్పు విషయంలో ఊలే క్షేమం.

గుణుపురం కోడలు
పిల్లవాణ్ని మంటకు దూరంగా కూర్చోబెడితే సరిపోతుంది. ఊలు గొప్పలు ఎన్నయినా చెప్పండి, అల్లే చేతులకు ఆ స్వెటర్ ఒక్కసారి కనిపిస్తుంది, ఉతికే చేతులకు చలికాలమంతా కనిపిస్తుంది. మా అత్తగారు ఊలు స్వెటర్ అల్లి ఇచ్చారు. నేను ఉద్యోగానికి పరుగెత్తే హడావిడిలో మిగతా బట్టలతో పాటు మెషీన్‌లో వేశాను. బయటికి తీస్తే బొమ్మకు తొడగాల్సినంత అయింది, అట్టలా బిగుసుకుపోయింది. చుట్టాలందరి ముందూ ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

రాయగడ అత్తయ్య
ఊలును వేడినీళ్ళలో వేసి తిప్పితే ముడుచుకోక ఏమవుతుంది? నెలల తరబడి కూర్చొని అల్లిన వాళ్ళ కష్టం గురించి ఒక్క మాట రాయలేదే మీరు.

గుణుపురం కోడలు
కష్టం కాదనలేదు. చన్నీళ్ళలో ముంచి, పిండకుండా తువాలులో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరబెట్టే తీరిక ఎవరికి ఉందో అల్లేముందే అడగాలి అంటున్నాను. బహుమతి ఇచ్చి దానితో పాటు చాకిరీ కూడా ఇస్తే ఎలా? మీరు దారం గురించి మాట్లాడుతున్నారు, నేను ఇంటి గురించి మాట్లాడుతున్నాను.

రాయగడ అత్తయ్య
చాకిరీ అన్నారు చూశారా, అక్కడే మనకు పొసగదు. నా కోడలు కూడా అదే మాట అంటుంది. మనవడికి నా చేతి వస్తువు ఒకటి పదేళ్ళు మిగలాలని నాకుంటుంది. నెలకో స్వెటర్ పారేసేవాళ్ళకు అది అర్థం కాదు.

పర్లాకిమిడి పాఠకుడు
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. అడిగినావిడ ఎక్కడ?

నూలుమేస్త్రి (జయపురం)
కొండచలి గారూ, ఏదైనా కొనేముందు ఆ దారంలో ఊలు ఎంత ఉందో ఒకసారి చూసుకోండి. జానెడు ముక్క తెచ్చి, పటకారుతో పట్టుకొని కొవ్వొత్తి మంటకు చూపండి, కింద నీళ్ళ పళ్ళెం పెట్టుకోండి. ఊలు మెల్లగా కాలి, మంట తీయగానే చాలావరకు ఆరిపోతుంది. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మసి వేళ్ళ మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ భగ్గున మండి కరుగుతుంది, చల్లారాక నలగని నల్లపూస మిగులుతుంది. కలిపిన దారంలో రెండు లక్షణాలూ కనిపిస్తాయి. పాత స్వెటర్ల పోగులు కూడా పక్కన పెట్టి చూడండి.

కొండచలి (సిమిలిగుడ)
చూశాను మేస్త్రిగారూ. నిరుడు అల్లిన ఊలు జుట్టు కాలిన వాసనే వచ్చింది, మసి పొడి అయింది. దుకాణంలో సగం ఊలు అన్న దారం మాత్రం మంట తగలగానే అంటుకుంది, గట్టి పూస మిగిలింది. వెంట్రుకల వాసన అసలు రాలేదు. పాత అక్రిలిక్ పక్కన పెడితే రెండూ ఒకేలా కాలాయి. ఇంకో సంగతి, పిల్లవాడు స్వెటర్ కింద వేసుకునేది మెడ లేని బనియనే.

నూలుమేస్త్రి (జయపురం)
వాసన అసలు లేదంటే సగం ఊలు అన్న మాట నమ్మవద్దు. అది అక్రిలిక్కే అనుకొని, ఆ ధరకే అడగండి. ఇక మీకు రెండు దారులు ఉన్నాయి. నిరుటి ఊలు స్వెటర్‌కు మెడ పట్టీ విప్పి, ఆ ఒక్క పట్టీని సన్నని మెత్తటి ఊలుతో పదో నంబరు సూదులతో మళ్ళీ అల్లండి, కింద కాలరు చొక్కా తొడగండి. మెడ ఒక్కటే బాధపెడుతోంది కాబట్టి ఇది చాలవచ్చు. కొత్తది అల్లాలంటే మూడు నాలుగు పోగులు గట్టిగా మెలిపెట్టిన దారం వెతకండి. దారాన్ని వేళ్ళ మధ్య వెనక్కు తిప్పితే పోగులు వెంటనే విడిపోతే వదిలేయండి. ఎనిమిదికి బదులు తొమ్మిదో నంబరు సూదులతో కాస్త బిగువుగా అల్లితే బుడిపెలు తగ్గుతాయి. ముందు నాలుగు అంగుళాల ముక్క అల్లి, ఉతికి, సంచి పట్టీ కింద పిన్నుతో గుచ్చి కొన్నాళ్ళు మోయించండి. ఏ దారం బుడిపె కడుతుందో అదే చెబుతుంది.

గుణుపురం కోడలు
వచ్చిన బుడిపెలను లాగవద్దు, లాగితే కొత్త పోగులు బయటికి వస్తాయి. చిన్న కత్తెరతో కోయండి. ఉతికేటప్పుడు స్వెటర్‌ను తిరగేసి ఉతకండి. అక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టె ఆనించవద్దు, ఒక్కసారి సాగి చతికిలపడితే మళ్ళీ కోలుకోదు.

కొండచలి (సిమిలిగుడ)
మెడ పట్టీ ఆలోచన బాగుంది. ఇంట్లో అడిగాను. చేత్తో ఉతికే తీరిక లేదని మా కోడలు నిక్కచ్చిగా చెప్పింది. మెషీన్‌లో వేయవచ్చని చీటీ మీద రాసిన ఊలు కూడా ఉందట కదా, అది నమ్మవచ్చా?

నూలుమేస్త్రి (జయపురం)
ఉంది. పోగు మీది పొలుసుల్ని నునుపు చేసి పైన పూత వేస్తారు, అందుకే ముడుచుకోదు. కానీ తడిసినప్పుడు సాగుతుంది. తీగ మీద వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టాలి.

గుణుపురం కోడలు
పరచడానికి ఇంట్లో చోటు ఉండాలి కదా మేస్త్రిగారూ.

రాయగడ అత్తయ్య
మంచం మీద పరవండి. స్వెటర్ నేనే ఆరబెడతానని కోడలితో చెప్పండి కొండచలి గారూ, నేను మా ఇంట్లో అలాగే చేస్తున్నాను.