చర్చ: మన భాష రాని పేషెంట్‌కి రూట్ కెనాల్, క్యాప్, పీకుడు ఎట్లా చెప్తున్నారు?

హన్మకొండ_పళ్ళడాక్టర్:
క్లినిక్ పెట్టి మూడేళ్ళయింది. ఒక కేసు మనసులోంచి పోవట్లేదు, అందుకే అడుగుతున్నాను.

మార్చిలో పరకాల వైపు ఇటుక బట్టీ నుంచి ముప్పై ఏళ్ళ మనిషి వచ్చాడు. ఊరు ఒడిశాలో బలంగీర్ దగ్గర. తెలుగు రాదు, హిందీ నాలుగు ముక్కలు. వెంట కూలీలను తెచ్చే బట్టీ సర్దార్ ఉన్నాడు. కింద ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను నరం దాకా పుచ్చిపోయింది. రూట్ కెనాల్‌కి మూడుసార్లు రావాలని, తర్వాత క్యాప్ వేయాలని, వద్దంటే పీకేయాల్సి వస్తుందని సర్దార్‌కి హిందీలో ఐదు నిమిషాలు చెప్పాను. అతను పేషెంట్ వైపు తిరిగి రెండే మాటలన్నాడు. పేషెంట్ తలూపాడు. అదే రోజు పన్ను తెరిచి, మందు పెట్టి, పైన తాత్కాలిక సిమెంట్ వేసి పంపాను.

మళ్ళీ రాలేదు. మే చివర వచ్చేసరికి పన్ను లోపలి సగం విరిగి, చీలిక వేరు లోపలికి దిగింది. "అప్పుడే బాగు చేశారు కదా, ఎందుకు విరిగింది?" అని అడిగించాడు. నేనేం జవాబు చెప్పను? మీరు ఎట్లా వివరిస్తున్నారు?

కరీంనగర్_పాతకాపు:
డాక్టర్ గారూ, ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నాను, ఈ తప్పు నేనూ చేశాను. మీ ఐదు నిమిషాలు రెండు మాటలైపోయాయంటే అక్కడే ఆగి ఉండాల్సింది.

ఆయన వైపు నుంచి చూడండి. రాత్రంతా నిద్ర లేకుండా చేసిన నొప్పి మీరు నరం తీయగానే పోయింది. అద్దంలో చూసుకుంటే గుంతలో తెల్లగా సిమెంట్ కనిపించింది. మన కంటికి అది రెండు మూడు వారాలు నిలిచే మూత, ఆయన కంటికి పని పూర్తయిన పన్ను. ఎందుకు మళ్ళీ వస్తాడు? ఆ మూత అరిగి పక్కల నుంచి ఉమ్మి దిగుతుంది, శుభ్రం చేసిన వేరు కాలువల్లో మళ్ళీ సూక్ష్మజీవులు చేరతాయి. పుచ్చు తీసి, లోపల తవ్విన పన్నుకి గోడలు పల్చబడి ఉంటాయి. గట్టి రొట్టెనో శనగలో కొరికితే నిలువునా చీలుతుంది. చీలిక వేరులోకి పోయాక క్యాప్ కాదు, ఏం వేసినా నిలవదు.

కాబట్టి నేను మొట్టమొదట చెప్పేది ఇదే: "ఈ రోజు నొప్పి పోతుంది, కానీ పన్ను బాగుపడలేదు." ఈ ఒక్క ముక్క ఎక్కకుండా డ్రిల్ ముట్టను. ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి "అర్థమైందా" అని అడగను, అడిగితే అందరూ తలూపుతారు. "ఇంట్లో మీ ఆడమనిషికి ఫోన్ చేసి, ఎన్నిసార్లు రావాలో, రాకపోతే ఏమవుతుందో చెప్పు" అంటాను. ఆయన తన భాషలో చెప్తుంటే వేళ్ళు ఎన్ని చూపిస్తున్నాడో గమనిస్తాను. ఒకటే వేలు చూపించాడంటే మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సిందే.

మేస్త్రీ_కొడుకు:
సార్, గింత లొల్లి ఎందుకు? రోజు కూలి పోగొట్టుకొని మూడు నాలుగుసార్లు వస్తరా వాళ్ళు? పీకేస్తే ఒక్కరోజుల అయిపోతది, ఖర్చు తక్కువ. మా నాయన పన్ను గట్లనే పీకిచ్చినం, మంచిగున్నడు. రూట్ కెనాల్ చేస్తే ఏ పన్నుకైనా క్యాప్ పడుడే, అది మళ్ళ వేలల్ల ఖర్చు.

కరీంనగర్_పాతకాపు:
తమ్ముడూ, నువ్వన్నదాంట్లో సగం నిజం ఉంది. తిరిగి రాలేని మనిషికి సగంలో వదిలేసిన రూట్ కెనాల్ కంటే పీకించుకోవడమే మేలు. కానీ ఆ నిర్ణయం పేషెంట్‌ది. క్యాప్ మాట మాత్రం దవడ పళ్ళకి. ముందు పన్ను పెద్దగా పాడవకుండా ఉంటే ఫిల్లింగ్‌తోనే సరిపోవచ్చు. కింద ఆరో పన్ను, అంటే ఈ మొదటి పెద్ద దవడ పన్ను, పోతే నమలడం ఆ వైపు తగ్గుతుంది, వెనక పన్ను మెల్లగా ఖాళీలోకి వాలుతుంది. ఇదంతా తెలిసి కూడా పీకించుకుంటానంటే సరే.

ఇంకొకటి. సర్దార్‌కి అతను ఎంత తొందరగా బట్టీకి చేరితే అంత లాభం. అందుకే అతని నోటి నుంచి "పీకెయ్యమంటున్నడు" అని వచ్చినా నేను నమ్మను.

ఇచ్ఛాపురం_నుంచి_వరంగల్:
నాకు ఒడియా వచ్చు కదా అని ఎంజీఎం ఆసుపత్రి దగ్గర ఒకాయనకి సాయం చేయబోయాను. "దాంత బింధుచి?" అంటే ముఖం చూశాడు. బలంగీర్, నువాపడా వాళ్ళ సంబల్‌పురీ వేరేలా ఉంటుంది. చివరికి ఊళ్ళో పదో తరగతి చదివిన అతని తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడించాం. నేను చెప్పిందాంట్లో "నస్" అనే మాటకి ఆయన భయపడ్డాడు. మెదడు నరం తీస్తారనుకున్నాడట! పన్ను లోపలి మెత్తని కండ అని చెప్పాక కుదుటపడ్డాడు.

తొర్రూర్_చెల్లి:
నాకు వేరే అనుభవం. మా నాయనమ్మకి లంబాడీ తప్ప రాదు. మా తమ్ముడు, తొమ్మిదో తరగతి, మాట చెప్పిండు. కింద పన్ను పీకేటప్పుడు డాక్టర్ "తిమ్మిరెక్కుతది" అన్నడు, వీడు అది చెప్పలేదు. ఇంటికొచ్చినంక పెదవి వేలాడి, నీళ్ళు కారుతుంటే పక్షవాతం వచ్చిందని ఇల్లంతా ఏడ్పులు. మూడు గంటలైనంక ఆ తిమ్మిరి పోయింది. ఇంకో మాట, బీపీ గోలీలు ఏసుకుంటదా అని అడిగితే వీడు ఆమెని అడగకుండనే లేదు అన్నడు. నిజానికి ఏసుకుంటది.

అది సరే గాని, నా క్యాప్ కింద చల్లనీళ్ళు తాకితే జివ్వుమంటుంది, రూట్ కెనాల్ చేయని పన్నే. ఎందుకు డాక్టర్ గారూ?

కరీంనగర్_పాతకాపు:
అమ్మా, మీ క్యాప్ సంగతి చూడకుండా చెప్పలేను, వేసిన చోటే చూపించండి. కానీ మీ తమ్ముడి మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. పిల్లల చేత మందుల సంగతి అడిగించొద్దు. నేను "రోజూ వేసుకునే గోలీల అట్ట చూపించు" అంటాను. రక్తం పలచన చేసే మందు ఉంటే పీకే పద్ధతే మారుతుంది. మరోటి: మత్తు ఎక్కాక నొప్పి తెలియదు గాని నొక్కుడు తెలుస్తుంది. ఈ తేడా చెప్పకపోతే పేషెంట్ మధ్యలో చేయి పట్టుకుంటాడు, మనం ఇంకో సూది వేస్తాం. నేను ముందే వాళ్ళ చేతి వేలు గట్టిగా నొక్కి, "ఇది ఉంటుంది" అని, తర్వాత గిల్లి "ఇది ఉండదు" అని చూపిస్తాను. దానికి ఏ భాషా అక్కర్లేదు.

హన్మకొండ_పళ్ళడాక్టర్:
పాతకాపు గారూ, నిన్న మీరు చెప్పినట్టే చేశాను. సర్దార్‌ని బయట కూర్చోమన్నాను, పేషెంట్ ఊళ్ళో ఉన్న బావమరిదికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. ఎక్స్‌రేలో చీలిక వేలితో గీసి చూపించాను. మార్చిలో నా వివరణలోనే లోపం ఉందని ముందే ఒప్పుకున్నాను, డబ్బులు తీసుకోనన్నాను. పీకాను. దూది కొరికి పట్టుకొని అరగంటకు పైగా కూర్చున్నాడు. ఆ రోజు ఉమ్మొద్దని, ఖైనీ పెట్టొద్దని చెప్పాక జేబులోంచి డబ్బీ తీసి నా బల్ల మీద పెట్టి, మూడో రోజు చూపించుకోడానికి వచ్చి తీసుకుంటానన్నాడు. అలా తనంతట తనే అనడం నాకు పెద్ద ఊరట.

కానీ కుడివైపు ఆరో పన్ను కూడా లోతుగా పుచ్చింది. వానలు మొదలైతే బట్టీ ఆగుతుంది, మూడు వారాల్లో ఊరికి వెళ్ళిపోతారు. రూట్ కెనాల్ మొదలుపెడితే పూర్తవుతుందో లేదో, క్యాప్ ల్యాబ్ నుంచి రావడానికి వారమైనా పడుతుంది. ఇప్పుడే పీకమంటే మనసొప్పట్లేదు. ఎట్లా చేద్దామంటారు?

కరీంనగర్_పాతకాపు:
నొప్పి ఇంకా రాలేదంటే ముందు పుచ్చు తీసి చూడండి, నరం తాకకపోతే మందు ఫిల్లింగ్‌తో ఆగొచ్చు. తాకితే, ఇక ఆయన వెళ్ళే తేదీ అడిగి దాని నుంచి వెనక్కి లెక్కేసి చెప్పండి. పది రోజుల్లో కాలువలు నింపి, క్యాప్ కొలత తీసుకునే వీలు లేకపోతే మొదలుపెట్టకండి. నేనైతే క్యాలెండర్ ముందుపెట్టి ఆయన చేతే తేదీలు గీయిస్తాను.

మేస్త్రీ_కొడుకు:
మా బట్టీ వాళ్ళు పోయేది జూన్ పన్నెండు. సార్, మీ పేషెంట్ తేదీ సర్దార్‌ని గాదు, ఆయన్నే అడగండి.