ఇంట్లో పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్: నిమ్మరసం వేస్తే సాల్మొనెల్లా భయం పోతుందా?

శ్రావ్య_వంట:
ఒక గుడ్డు మొత్తం, కప్పు నూనె, చిన్న చెంచా నిమ్మరసం, కాస్త మస్టర్డ్, ఉప్పు. స్టిక్ బ్లెండర్ పెడితే నిమిషంలో మయోనైజ్ రెడీ. ఈ ఆదివారం పన్నెండు మందికి చేయాలి, వాళ్లలో మా చెల్లెలికి ఆరో నెల. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉంటుందని ఒకరంటారు, నిమ్మరసం పడ్డాక ఏమీ ఉండదని ఇంకొకరంటారు. ఏది నమ్మాలి?

నిమ్మచెట్టు:
టెన్షన్ పడకండి. పులుపులో సాల్మొనెల్లా బతకదు, అది ఎప్పుడో తేలిన విషయం. గుడ్లు శుభ్రంగా కడిగి, నీళ్లలో వేసి చూడండి. మునిగితే తాజావి, తేలితే పారేయండి. చేయగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి, అంతే.

బుజ్జిగాడు77:
సీసాలో అమ్మే మయోనైజ్‌లో పచ్చి గుడ్డు ఉండదండీ, పాశ్చరైజ్ చేసిన గుడ్డు వాడతారు. హాయిగా తినమనండి. నేనైతే మూత తీశాక రెండు నెలలు వాడతాను.

శ్రావ్య_వంట:
బుజ్జిగాడు గారూ, నేను అడిగింది ఇంట్లో చేసేదాని గురించి.

గాజుపలక:
ఆహార పరీక్షల ల్యాబ్‌లో చాలా కాలం పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. నిమ్మచెట్టు గారు పులుపు గురించి అన్నది సగం నిజం. ఆ మిగతా సగంలోనే మీ రెసిపీ ఇరుక్కుంది.

ముందు కడగడం సంగతి. పెంకు మీద రెట్ట అంటి ఉంటే దానితో వచ్చే బ్యాక్టీరియా ఒక రకం. కానీ గుడ్ల విషయంలో మనల్ని ఎక్కువగా ఏడిపించేది సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్. అది కోడి అండాశయంలోనే చేరి, పెంకు ఏర్పడక ముందే గుడ్డు లోపలికి వెళ్లగలదు. ఆ కోడి చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది, గుడ్డుకు వాసనా రంగూ ఏమీ మారవు. పైన ఎంత కడిగినా లోపలున్నది పోదు. నీళ్లలో మునగడం, తేలడం అనేది లోపలి గాలి గది ఎంత పెరిగిందో, అంటే గుడ్డు ఎంత పాతదో చెబుతుంది. బ్యాక్టీరియా ఉందో లేదో చెప్పదు.

ఇక పులుపు. మయోనైజ్‌లో ముప్పాతిక వంతు నూనే. బ్యాక్టీరియా నూనెలో ఉండదు, నూనె బొట్ల మధ్య ఉన్న కాస్త నీటిలో ఉంటుంది. కాబట్టి ఆ నీరు ఎంత పుల్లగా ఉందన్నదే లెక్క. మీ గుడ్డు 50 గ్రాములనుకుంటే అందులో నీరే 38 గ్రాముల దాకా ఉంటుంది. పైగా తెల్లసొన క్షార గుణం ఉన్నది, గుడ్డు పాతబడేకొద్దీ దాని pH 9 దాటుతుంది. అంత తెల్లసొనలో 5 మి.లీ. నిమ్మరసం, అంటే సుమారు 0.3 గ్రాముల ఆమ్లం, ఏ మూలకు?

అదే పచ్చసొన ఒక్కటే తీసుకుని, 5 శాతం వెనిగర్ 20 మి.లీ. పోశారనుకోండి. పచ్చసొనలో నీరు 9 గ్రాములు మించదు, ఆమ్లమేమో ఒక గ్రాము. మీ నీటి భాగంలో ఆమ్లం ఒక శాతం కూడా లేదు, ఇందులో మూడు శాతం పైనే. రెండింటినీ మయోనైజ్ అనే అంటాం, బ్యాక్టీరియాకు మాత్రం అవి వేర్వేరు లోకాలు. ఆస్ట్రేలియాలో పచ్చి గుడ్డు వాడే హోటళ్లకు pH 4.2 లేదా అంతకన్నా తక్కువ ఉండాలని చెబుతారు. మీ రెసిపీ ఆ దరిదాపుల్లోకి వస్తుందని నేననుకోను.

నిమ్మచెట్టు:
అయితే నిమ్మరసం నాలుగు చెంచాలు పోస్తే సరిపోతుంది కదా? దానికింత లెక్కలెందుకు?

గాజుపలక:
పోయొచ్చు, కానీ అదే pH దగ్గర నిమ్మరసం కన్నా వెనిగర్ గట్టిగా పనిచేస్తుంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం బ్యాక్టీరియా కణంలోకి సులువుగా చొరబడుతుంది, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం అంతగా చొరబడదు.

ఇంకోటి, మీరు వెంటనే ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. ఇక్కడ చాలామంది నమ్మని విషయం ఒకటుంది. బాగా పుల్లని మయోనైజ్‌లో సాల్మొనెల్లా చల్లదనంలో కన్నా మామూలు గది వేడిలోనే త్వరగా చస్తుంది. ఆమ్లం పని చేయడానికి కాస్త వెచ్చదనం కావాలి. ఫ్రిజ్‌లో బ్యాక్టీరియా పెరగదు, నిజమే. కానీ చావకుండా రోజుల తరబడి అలాగే ఉండగలదు.

కోడిపుంజు:
ఇప్పుడు మయోనైజ్‌ను బయట పెట్టమంటారా? ఇది చదివి ఎవరో ఒకరు మే నెలలో రాత్రంతా వంటగది గట్టు మీద వదిలేస్తారు, చూడండి.

అసలు ఇంత భయం ఎందుకో నాకర్థం కాదు. అమెరికాలో 1990లలో వేసిన అంచనా ప్రకారం 20,000 గుడ్లలో ఒక్కదాని లోపలే ఈ బ్యాక్టీరియా ఉంది. బ్రిటన్‌లో కోళ్లకు టీకాలు వేశాక పరిస్థితి ఎంత మారిందంటే, లయన్ ముద్ర ఉన్న గుడ్లను గర్భిణులు, పిల్లలు కూడా పచ్చిగా తినొచ్చని అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ 2017లో సలహానే మార్చింది. మా ఇంట్లో వారం వారం చేస్తాం, ఎవరికీ ఏమీ కాలేదు.

గాజుపలక:
కోడిపుంజు గారూ, ఆ రెండు మాటలూ నిజమే. కానీ బ్రిటన్ సలహా ఆ ముద్ర ఉన్న గుడ్లకే. టీకా, ఫారం శుభ్రత, గుడ్డు ఎక్కడిదో కనుక్కునే ఏర్పాటు, అన్నీ కలిస్తేనే ఆ భరోసా. ఏ దేశంలోనైనా ఏ ముద్రా లేని గుడ్డుకు అది వర్తించదు. తీవ్రంగా రోగనిరోధక శక్తి తగ్గిన వాళ్లను ఆ సలహా నుంచి మినహాయించారు కూడా.

20,000లో ఒకటి అన్నది ఒక్క గుడ్డు లెక్క. శ్రావ్య గారు నాలుగు గుడ్లు ఒకే గిన్నెలో కొడితే 5,000లో ఒక అవకాశం. పైగా తగిలితే పన్నెండు మందికీ తగులుతుంది. హోటల్లో వంద గుడ్లు కలిపి కొడితే అది 200లో ఒకటి అవుతుంది. కేసులు గుంపులుగా బయటపడేది అందుకే.

గుడ్డులో మొదట ఉండేది ఏ పదో ఇరవయ్యో కణాలు. గుడ్డును చల్లగా ఉంచి తాజాగా వాడితే చాలాసార్లు కథ అక్కడితో ఆగిపోతుంది. కొన్ని వారాలు వెచ్చగా ఉంటే పచ్చసొన చుట్టూ ఉండే పొర బలహీనపడి, దానిలోని పోషకాలు బయటికి కారి బ్యాక్టీరియాకు మేత అవుతాయి. పులుపు చాలని మయోనైజ్ వెచ్చని గదిలో ఉన్నా అంతే. గంటకోసారి రెట్టింపవుతుందనుకున్నా, పది కణాలు ఆరు గంటల్లో 640 అవుతాయి. నిజానికి ఆ వేడిలో ఇంకా వేగంగానే పెరగొచ్చు. మీ ఇంట్లో ఏమీ కాకపోవడానికి మీరు చేసిన వెంటనే తినేయడమే కారణం కావచ్చు.

బయట పెట్టడం గురించి మీ భయం సరైనదే. పులుపు ఎంతో తెలియకుండా బయట పెట్టకూడదు. పుల్లదనం చాలకపోతే అదే వెచ్చదనం పెంపకానికి పనికొస్తుంది.

పద్మ_కె:
నాకు జరిగింది చెబుతాను. ఒక ఫంక్షన్‌లో మయోనైజ్‌తో శాండ్‌విచ్ తిన్నాను. రెండు గంటలు తిరగలేదు, వాంతులే వాంతులు. ఉదయానికి తగ్గిపోయింది. డాక్టర్‌ దగ్గరికి వెళ్లలేదు కానీ సాల్మొనెల్లానే, నాకు తెలుసు. అప్పటి నుంచి మయోనైజ్ ముట్టలేదు.

గాజుపలక:
పద్మ గారూ, రెండు గంటలకే అంటే సాల్మొనెల్లా అయ్యే అవకాశం తక్కువ. అది కడుపులో స్థిరపడి లక్షణాలు చూపించడానికి మామూలుగా 6 గంటల నుంచి 3 రోజులు పడుతుంది. జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు వచ్చి నాలుగు నుంచి ఏడు రోజులు ఉంటాయి. మీరు చెప్పింది తిండిలో ముందే తయారై ఉన్న విషపదార్థం వల్ల వచ్చినదానిలా ఉంది. చేతుల నుంచి చేరే స్టెఫైలోకోకస్ అలాంటిది చేస్తుంది.

పద్మ_కె:
ఏదైతేనేం, అది తిన్నాకే వచ్చింది కదా.

శ్రావ్య_వంట:
లెక్కలు అర్థమయ్యాయి. మరి ఆదివారం ఏం చేయను?

గాజుపలక:
పచ్చిగా వద్దు. గర్భంతో ఉన్నప్పుడు అలాంటి జ్వరం, ఒంట్లో నీరు తగ్గిపోవడం ఎందుకు కొనితెచ్చుకోవాలి? పచ్చసొనలను ముందే ఉడికించి చేయండి. నాలుగు పచ్చసొనలు, నాలుగు పెద్ద చెంచాల వెనిగర్, నాలుగు పెద్ద చెంచాల నీళ్లు, ఉప్పు, మస్టర్డ్ ఒక చిన్న గిన్నెలో బాగా కలపండి. దాన్ని మరుగుతున్న నీళ్ల గిన్నె మీద, అడుగు నీటికి తగలకుండా పెట్టి, గరిటె ఆపకుండా తిప్పుతూ ఉండండి. వంట థర్మామీటర్ ఉంటే 71 డిగ్రీలు చూపించాలి. ఆ వేడిలో సాల్మొనెల్లా వెంటనే చస్తుంది. తర్వాత గిన్నెను ఐసు నీళ్లలో పెట్టి చల్లార్చి, రెండు కప్పుల నూనె సన్నని ధారగా పోస్తూ బ్లెండ్ చేయండి.

పెద్దగరిటె:
నేను వంటవాణ్ణి, ఒక మాట చెప్పనా. 71 దాటి కొంచెం ముందుకెళ్తే గుడ్డు తరకలు తరకలుగా విరుగుతుంది. వెనిగర్, నీళ్లు కలిపారు కాబట్టి కాస్త ఆలస్యంగా గడ్డకడుతుంది, అయినా మంట దగ్గర ఫోన్ చూడకూడదు. థర్మామీటర్ లేకపోతే, మిశ్రమం చిక్కబడి గరిటెకు పట్టాలి, వేలితో గీస్తే గీత నిలవాలి, ఒకటి రెండు చోట్ల బుడగ రావాలి. వెంటనే దించేయండి. చిన్న తరకలు పడితే జల్లెడ పట్టండి, రుచి పాడవదు.

కానీ నాలుగు చెంచాల వెనిగర్ మరీ ఎక్కువ. ఉడికించేశాం కదా, రెండు చాలు, మిగతాది నీళ్లు పోస్తే సరి.

గాజుపలక:
ఉడికించాక సాల్మొనెల్లా పోయినా, గరిటె నుంచో చేతి నుంచో మళ్లీ ఏదో చేరొచ్చు. అప్పుడు కాపాడేది పులుపే. నేనైతే తగ్గించను.

పెద్దగరిటె:
తినేవాళ్లు మొహం చిట్లించుకుంటే ఆ కాపలా ఎవరికి అండీ? ఉడికించింది చల్లగా ఉంచి మర్నాటికల్లా తినేస్తారు. రెండు చెంచాలే.

కోడిపుంజు:
ఉడికించింది ఉడికించిన రుచే వస్తుంది. పచ్చి గుడ్డు నునుపు దానికి రాదు, అది కూడా చెప్పండి.

పెద్దగరిటె:
అది నిజమే. కాస్త కస్టర్డ్ వాసన తగులుతుంది. వెల్లుల్లి వేస్తే చాలామంది పట్టుకోలేరు.

శ్రావ్య_వంట:
మా ఇంట్లో pH స్ట్రిప్స్ ఉన్నాయి, చేపల తొట్టి కోసం కొన్నవి. చివర్లో మయోనైజ్‌లో ముంచి చూస్తే మూడు చెంచాలు సరిపోతాయో లేదో తెలుస్తుందా?

గాజుపలక:
ముందు ఆ డబ్బా మీద ఏ pH నుంచి ఏ pH వరకు చూపిస్తుందో చదవండి. చేపల తొట్టి స్ట్రిప్స్ చాలావరకు 6 నుంచి 9 మధ్యవే, మనకు కావలసింది 3 నుంచి 5. సరైనవి దొరికినా, తయారైన మయోనైజ్‌లో ముంచితే కాగితానికి నూనె పట్టేసి రంగు సరిగా రాదు. నూనె పోయక ముందు, పచ్చసొనా వెనిగరూ కలిపిన దశలో చూడండి. పచ్చసొన పసుపు రంగు కాగితానికి అంటితే అంకె ఒకటి అటూ ఇటూ చదివే ప్రమాదం ఉంది, కాబట్టి స్ట్రిప్ చూసి ఉడికించడం మానేయకండి.